తిన్నది అరగడానికయ్యే ఖర్చు



ఈ బల్లమీదున్న గిన్నెలో జొన్నలున్నాయి. ఇవాళ పొద్దున ఇంట్లో తూచి తెచ్చాను. సరిగ్గా నాలుగువందల యాభై గ్రాములు, అంటే పాతకాలపు లెక్కలో దాదాపు ఒక పౌను. నిన్న ఇన్నే జొన్నలు పిండి ఆడించి రొట్టెలు తట్టిస్తే మా ఇంట్లో తొమ్మిది వచ్చాయి. 1877 మొదట్లో ఈ బళ్లారి జిల్లాలో ఎండలో కంకర కొట్టే ఒక మగమనిషికి సర్కారు రోజుకు ఇవ్వవచ్చునన్న ధాన్యం ఇంతే. దానిమీద ఒక అణా ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకొంచెం తక్కువ.

మా మాస్టారు ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు వైద్యవిద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పారు. జీవక్రియ పాఠం వచ్చినప్పుడల్లా ఆయన ఒక మాట అనేవారు: "శరీరం రాసుకునే ఖాతాలో ఏ పద్దూ వదలదు, ఏ పద్దూ రెండుసార్లు రాయదు. తప్పులు రాసేది మనమే." ఆ ఖాతాలో మనం తరచు వదిలేసే పద్దు ఒకటుంది. వదలకపోతే రెండుసార్లు రాస్తాం. అది తిన్న తిండి అరగడానికి, ఒంటికి పట్టడానికి అయ్యే ఖర్చు. శాస్త్రంలో దాన్ని ఆహార ఉష్ణ ప్రభావం అంటారు. ఆ పద్దు ఎంత, దాన్ని ఎలా కొలుస్తారు, రోజంతటి ఖర్చులో దాన్ని ఎక్కడ రాయాలి అన్న మూడు ప్రశ్నలకు ఈ పౌను జొన్నలను ముందు పెట్టుకునే జవాబు చెబుతాను.

భోజనం తరువాతి వేడి

కడుపునిండా తిన్నాక ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. మా అవ్వ సంగటి తిని లేచి నడవలో కూర్చుని కొంగుతో విసురుకునేది. అందులో కొంత చెనక్కాయల కారం ఘాటుకు పట్టిన చెమట. అది నాలుకకు, నరాలకు సంబంధించినది, నేను చెప్పే వేడి అది కాదు. కారం చెమట పావుగంటలో ఆరిపోతుంది. నేను చెప్పే వేడి మెల్లగా మొదలవుతుంది, గంటా రెండు గంటల్లో శిఖరానికి చేరుతుంది, అయిదారు గంటలకు గాని పూర్తిగా తగ్గదు.

భోజనం చేశాక మనిషి పీల్చుకునే ప్రాణవాయువు పెరుగుతుందని పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే ఫ్రాన్సులో లవాజియే, ఆయన సహచరుడు సెగాఁ గమనించారు. ఆ పెరుగుదల ఏ తిండికి ఎంత ఉంటుందో జర్మనీలో మాక్స్ రూబ్నర్ వరసగా కొలిచి 1902లో పుస్తకంగా వేశాడు. మాంసకృత్తులకు ఎక్కువ, పిండిపదార్థాలకు తక్కువ, కొవ్వుకు నామమాత్రం అన్న వరసను ఆయన స్థిరపరిచాడు. నేటికీ అది మారలేదు.

నూరు కిలోక్యాలరీల మాంసకృత్తులు తింటే వాటిని ఒంటబట్టించుకోవడానికే ఇరవై నుంచి ముప్పై ఖర్చవుతాయి. పిండిపదార్థాలకు ఆ ఖర్చు అయిదు నుంచి పది, కొవ్వుకు మూడు లోపు. ఈ తేడాకు కారణం పేగుల్లో కన్నా కణాల్లో ఎక్కువగా ఉంది. కొవ్వును దాచుకోవడానికి పెద్దగా మార్చనక్కరలేదు, దాదాపు వచ్చినది వచ్చినట్టే గోదాములోకి పోతుంది. గ్లూకోజును గ్లైకోజెనుగా కట్టాలంటే ప్రతి అణువుకూ కొంత శక్తి చెల్లించాలి. మాంసకృత్తుల సంగతికి వస్తే, అమైనో ఆమ్లాలను ఒకటొకటిగా కలిపి కొత్త మాంసకృత్తులు అల్లాలి, మిగిలిన వాటి నుంచి నత్రజనిని విడదీసి కాలేయంలో యూరియాగా మార్చి బయటికి పంపాలి. ఆ కట్టడానికీ ఈ విరవడానికీ శక్తి కావాలి. దీనికి తోడు, భోజనం తరువాత నాడీవ్యవస్థ కొద్దిగా చురుకై కొంత వేడిని అదనంగా పుట్టిస్తుంది. అది మనిషి మనిషికీ మారుతుంది.

ఇప్పుడు ఈ గిన్నెలోని జొన్నలకు లెక్క వేద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నల్లో దగ్గరదగ్గర పది గ్రాముల మాంసకృత్తులు, అరవై ఎనిమిది గ్రాముల పిండిపదార్థాలు, రెండు గ్రాములకు లోపు కొవ్వు ఉంటాయి. వాటి శక్తి 334 కిలోక్యాలరీలు. కాబట్టి ఒక పౌనులో సుమారు 1,500 కిలోక్యాలరీలు ఉన్నాయి. అందులో 180 మాంసకృత్తులవి. పాతిక శాతం చొప్పున వాటి ఖర్చు 45. పిండిపదార్థాలవి 1,220. ఏడున్నర శాతం చొప్పున వాటి ఖర్చు 90 పైచిలుకు. కొవ్వుకు ఒకటో రెండో. మొత్తం కలిపితే 140 దాకా వస్తుంది, అంటే తిన్నదానిలో తొమ్మిది, పది శాతం. మామూలు మిశ్రమ భోజనానికి పదోవంతు అని పుస్తకాల్లో రాసే సూత్రం ఇలాంటి లెక్కల నుంచి వచ్చిందే. రొట్టె, పప్పు, కూర, మజ్జిగ తినే మనకు ఆ సూత్రం బాగానే సరిపోతుంది.

ఎలా కొలుస్తారు, ఎక్కడ తప్పుతుంది

ఇంత చిన్న ఖర్చును కొలవడం సులువు కాదు. మనిషిని రాత్రి భోజనం తరువాత పన్నెండు గంటలు ఉపవాసం ఉంచుతారు. పొద్దున తెచ్చి పడుకోబెట్టి అరగంట ఊరికే ఉండమంటారు. తలమీద పారదర్శకమైన గుండ్రటి తొడుగు పెట్టి, లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ తేడా చూసి, ఎంత ప్రాణవాయువు వాడుకున్నాడో, ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలాడో లెక్కిస్తారు. ఆ రెండింటి నుంచి నిమిషానికి ఎంత శక్తి ఖర్చయిందో తేల్చే సూత్రాన్ని స్కాట్లండు శాస్త్రజ్ఞుడు వీర్ 1949లో ఇచ్చాడు. తరువాత కొలిచిన భోజనం పెట్టి, మళ్లీ పడుకోబెట్టి, గంటల తరబడి కొలుస్తారు. ముందటి ఖర్చుమీద పెరిగిన భాగాన్నంతటినీ కూడితే భోజనపు ఖర్చు వస్తుంది.

అంకెలతో చూస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. పడుకున్న మనిషి నిమిషానికి సుమారు ఒక కిలోక్యాలరీ ఖర్చుపెడతాడు. అయిదువందల కిలోక్యాలరీల భోజనం పెడితే దాని ఖర్చు యాభై. అది ఆరు గంటల మీద పరుచుకుంటుంది గనక నిమిషానికి సగటున 0.14 మాత్రమే పెరుగుతుంది. ఒక పెద్ద అంకె నుంచి ఇంకో పెద్ద అంకెను తీసివేసి మధ్యనున్న చిన్న తేడాను పట్టుకోవాలన్నమాట. ఆ మనిషి రెండుసార్లు కాళ్లు కదిపినా, మూత్రానికి లేచినా, కునుకు తీసినా ఆ తేడా చెదిరిపోతుంది. అందుకే ఒకే మనిషికి ఒకే భోజనం రెండు రోజులు పెట్టి కొలిచినా రెండు అంకెలు వస్తాయి.

ఇంతకన్నా పెద్ద తప్పు తొందరపాటు. అమెరికాలో రీడ్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరు గంటల కొలతలు నూటికి పైగా తిరగేసి 1996లో ఒక లెక్క ఇచ్చారు. మూడు గంటలకే ఆపేస్తే అసలు ఖర్చులో అరవై శాతమే దొరుకుతుంది. నాలుగు గంటలకు డెబ్భై ఎనిమిది, అయిదు గంటలకు తొంభై ఒకటి. ఎవరైనా ఈ విషయం మీద పరిశోధనాపత్రం తెస్తే నేను ముందుగా చూసేది ఎన్ని గంటలు కొలిచారన్నదే. రేఖాచిత్రంలో గీత మొదటి మట్టానికి దిగకముందే కొలత ఆపేసి ఉంటే, ఆ పత్రం 'వీళ్లకు తిండి ఖర్చు తక్కువ' అని చెప్పినా నేను నమ్మను. మామూలు మిశ్రమ భోజనానికి ఇరవై శాతం దాటి వచ్చినా, సున్నాకు కిందికి పోయినా, అది శరీరపు విశేషం అనుకునే ముందు మంచం మీద కదలికను అనుమానించాలి.

అందువల్ల ఒక మనిషికి ఆ ఖర్చు తొమ్మిది శాతమా పదకొండు శాతమా అని వాదించడం వృథా. పదోవంతు అనుకుని ముందుకు పోవచ్చు. పెద్ద తప్పులు కొలతలో కాదు, ఆ పదోవంతును ఖాతాలో ఎక్కడ రాయాలన్న చోట జరుగుతాయి.

ఖాతాలో దాని చోటు

రోజు ఖర్చులో మూడు భాగాలుంటాయి. ఏ పనీ చేయకుండా, ఏమీ తినకుండా, మెలకువగా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు నడవడానికి అయ్యేది మూలవ్యయం. ఒళ్లు కదపడానికి అయ్యేది రెండోది. తిన్నది అరగడానికి అయ్యేది మూడోది. వీటిని కూడే పద్ధతులు రెండు.

మొదటిదాంట్లో మూలవ్యయాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తారు. మన దేశంలో 2020 నాటి సిఫారసుల్లో ఈ పద్ధతే వాడారు. కూర్చుని పనిచేసేవాళ్లకు 1.4, మధ్యస్థపు పనికి 1.8, బరువు పనికి 2.3. యాభై అయిదు కిలోల ఆడమనిషికి మూలవ్యయం సుమారు 1,186. ఆమె కూర్చుని చేసే పనిలో ఉంటే 1.4తో హెచ్చవేసి 1,660 అన్నారు. ఇక్కడ గమనించాల్సింది, ఆ 1.4లో తిండి ఖర్చు ముందే కలిసి ఉంది. ఈ గుణకాలకు ఆధారం రోజు మొత్తం మీద, తింటూ తిరుగుతూ ఉన్న మనుషుల ఖర్చు. 1,660లో పదోవంతు 166 తిండి ఖర్చు, 1,186 మూలవ్యయం, మిగిలిన 308 ఆమె కదలికలది. ఈ ఊళ్లో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషను ముందు రోజంతా కూర్చునే ఒక అమ్మాయికి ఇదే లెక్క వేస్తూ, చివర్లో 'తిండి ఖర్చు పది శాతం' అని మళ్లీ 166 కలిపిన కాగితం నేను చూశాను. ఆ పద్దు రెండుసార్లు పడింది. నెలకు అది అయిదువేల కిలోక్యాలరీల తప్పు.

రెండో పద్ధతిలో మూలవ్యయం విడిగా, పనుల ఖర్చు విడిగా వేసి కూడుతారు. ఇక్కడ తిండి ఖర్చును తప్పకుండా కలపాలి, లేకపోతే పదోవంతు లోటు వస్తుంది. కలిపేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. తిండి ఖర్చు తిన్నదానిలో పదోవంతు. బరువు పెరగక, తగ్గక ఉన్న మనిషి తిన్నదీ ఖర్చుపెట్టినదీ ఒకటే. కాబట్టి అది మొత్తంలో పదోవంతు, మొదటి రెండు భాగాల మొత్తంలో పదోవంతు కాదు. ఆ రెండింటినీ కూడి 0.9తో భాగిస్తే సరైన మొత్తం వస్తుంది.

మూడో పొరపాటు తిండి వైపు జరుగుతుంది. పట్టికల్లో, పొట్లాల మీద వేసే కిలోక్యాలరీలు అమెరికాలో అట్‌వాటర్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో స్థిరపరచిన పద్ధతిలోవి. మలంలో, మూత్రంలో పోయేది వాటిలో ముందే తీసేశారు. అరుగుదల ఖర్చును తీయలేదు. కాబట్టి ఆ ఖర్చును ఖర్చుల వైపు రాసినవాళ్లు తిండి వైపు మళ్లీ తగ్గించకూడదు. 'ఈ పప్పులో మాంసకృత్తులు ఎక్కువ, అందుకని దీని కిలోక్యాలరీలు తక్కువ వేసుకున్నాను' అనడం, మళ్లీ మొత్తం ఖర్చులో పదోవంతు కలపడం ఒకే పద్దును రెండు పుటల్లో రాయడమే.

ఒక పౌను ధాన్యం

ఇప్పుడు మళ్లీ గిన్నె దగ్గరికి వద్దాం. 1876లో రెండు రుతుపవనాలూ తప్పాయి. ఆ సంవత్సరం పేరుతోనే జనం దాన్ని ధాత కరువు అన్నారు. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం కూడా ఉండేది. మద్రాసు రాజధానిలో అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఇదొకటి. 1871, 1881 జనగణనల మధ్య ఇక్కడి జనాభా దాదాపు అయిదోవంతు తగ్గింది. ఖర్చు తగ్గించే బాధ్యతతో కలకత్తా ప్రభుత్వం 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. ఆయన కరువుపనుల కూలీని పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ విలియం కార్నిష్ అడ్డుపడ్డాడు. కష్టపడి పనిచేసేవాడికి కనీసం పౌనున్నర ధాన్యం, దానితో కూరలు, మాంసకృత్తులు కావాలని వాదించాడు. చివరికి మార్చిలో మద్రాసు ప్రభుత్వం పౌనుంబాతిక ధాన్యం, ఒకటిన్నర ఔన్సు పప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇద్దరి మధ్య సగం దారి అది.

ఆనాటికి రూబ్నర్ పుస్తకం లేదు, మన పట్టికలు లేవు. నేటి అంకెలు మన దగ్గర ఉన్నాయి గనక లెక్క వేద్దాం. చిక్కిపోయిన యాభై కిలోల మగమనిషిని తీసుకుందాం. మన దేశపు సూత్రాలతో చూస్తే అతని మూలవ్యయం 1,300 నుంచి 1,370 దాకా వస్తుంది. టెంపుల్ పక్షానికే అనుకూలంగా 1,300 అనుకుందాం.

పౌను జొన్నలు 1,500. పిండి ఆడించడంలో, రాయి రప్ప ఏరడంలో గింజ పోలేదనే అనుకుందాం. అందులోంచి మూలవ్యయం 1,300 తీస్తే 200 మిగిలాయి. చాలామంది లెక్క ఇక్కడ ఆపుతారు. రెండువందలతో యాభై కిలోల మనిషి ఏడెనిమిది కిలోమీటర్లు నడవగలడు. తక్కువే గాని ఏదో కొంత పనికి వస్తుందనిపిస్తుంది. కాని ఆ రొట్టెలు అరగడానికి పదోవంతు సూత్రం చొప్పున 150 కావాలి. మిగిలినవి యాభై. యాభైతో రెండు కిలోమీటర్లు నడవవచ్చు. శిబిరం నుంచి పనిచోటికి పోయి రావడానికే అది చాలకపోవచ్చు. సుత్తి ఎత్తడానికి ఏమీ మిగల్లేదు. 1,300కు 1,500 అంటే గుణకం 1.15. ఏ పనీ చేయకుండా, లేచి కూర్చుని, ముఖం కడుక్కుని, ప్రాణం నిలుపుకోవడానికే 1.27 కావాలని ప్రపంచ సంస్థల నిపుణులు 1985లో తేల్చారు. అణాతో ఆ రోజు బజారులో ఎంత దొరికితే అంత దీనికి చేర్చుకోవాలి. అందులోనే ఉప్పు, వంటచెరకు, ఇంట్లో పనిచేయలేని ముసలివాళ్లు, పసివాళ్లు కూడా.

మార్చి తరువాతి కూలీ సుమారు 2,040. అరుగుదలకు 200, మూలవ్యయం 1,300 పోగా 540 మిగిలాయి. కార్నిష్ అడిగిన పౌనున్నర ధాన్యమే వేసినా 2,270. అందులో పనికి మిగిలేవి 745. నేటి లెక్కలో బరువు పనికి 2.3 గుణకం చొప్పున అదే మనిషికి 2,990 కావాలి, అందులో పనికి పోయేవి 1,390. కార్నిష్ అడిగిన ధాన్యమైనా ఆ పనిలో సగానికే సరిపోతుంది. ఉదారంగా అడిగాడని ఆ రోజుల్లో ఆయనమీద నింద వేసినవాళ్లున్నారు.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. ఆకలితో ఉన్న శరీరం ఈ అంకెలను మార్చుకుంటుంది. తక్కువ తింటే అరుగుదల ఖర్చు దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే అది అవసరాన్ని బట్టి కాదు, తిన్నదాన్ని బట్టి వస్తుంది. కండ కరిగేకొద్దీ మూలవ్యయం దిగుతుంది. మిగిలిన కణాలు కూడా ఖర్చు తగ్గించుకుంటాయి. 1944–45లో అమెరికాలో ఆన్సెల్ కీస్ ముప్పై ఆరుమంది స్వచ్ఛంద యువకులకు ఇరవై నాలుగు వారాలు అరకొర తిండి పెట్టి చూశాడు. బరువు పాతిక శాతం దాకా పోయింది, మూలవ్యయం సుమారు నలభై శాతం పడిపోయింది. ఆ యువకులు అవసరం లేని ప్రతి కదలికనూ మానుకున్నారు. చివరి వారాల్లో బరువు తగ్గడం నెమ్మదించి దాదాపు ఆగింది. తిండి, ఖర్చు మళ్లీ సమానమయ్యాయి.

'ఇంత తిండితో బతుకుతున్నారు గదా, ఇంతే చాలు' అనే వాదనకు జవాబు ఇక్కడుంది. శరీరపు ఖాతా ఎప్పుడూ సరిపోతుంది. తిండి తక్కువైతే ముందు కొవ్వుతో, తరువాత కండతో, చివరికి కదలికతో సరిపెడుతుంది. బరువు నిలిచిందన్నది తిండి చాలిందనడానికి సాక్ష్యం కాదు. ఏ బరువు దగ్గర నిలిచింది, ఏ పని మానేసి నిలిచింది అన్నది అడగాలి. కరువుపనుల చోట్ల కూలీలు సుత్తి పక్కన పెట్టి కూర్చుంటే దాన్ని సోమరితనమన్నారు. మనం ఇప్పుడే వేసిన లెక్కలో ఆ కూర్చోవడం యాభై కిలోక్యాలరీల పద్దు.

ఇక్కడ కూర్చున్న విద్యార్థులు రేపు కూలి రేట్లకు, మధ్యాహ్న భోజనాలకు, జైలు తిండికి, వలసపనివాళ్ల శిబిరాలకు లెక్కలు వేస్తారు. గుణకం వాడితే తిండి ఖర్చు మళ్లీ కలపకండి. విడివిడిగా కూడితే దాన్ని మరవకండి. మాస్టారి మాటకు అర్థం ఇదే.

ఈ జొన్నలను ఇంటికి తీసుకుపోయి రొట్టెలు చేయిస్తాను. తొమ్మిది రొట్టెలవుతాయి. అందులో దాదాపు ఒక రొట్టె మిగిలిన ఎనిమిదినీ ఒంటికి పట్టించడానికే పోతుంది. ధాత కరువులో ఇక్కడ కంకర కొట్టినవాళ్లకు తొమ్మిది లెక్కపెట్టి ఇచ్చారు. ఆ ఒక్క రొట్టెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.